ఆడలేక పిచ్ ఓడు

భారత క్రికెట్‌లో అందరికన్నా ఎక్కువ మాటలు పడేది ఎవరంటే కోచ్ కాదు, కెప్టెన్ కాదు, చివరికి సెలెక్టర్లు కూడా కాదు, రెండు వైపులా స్టంప్‌లు పాతుకుని మధ్యలో పడుకున్న 22 గజాల మట్టి. దానికి నోరు లేదు, ప్రెస్ మీట్ లేదు, అభిమాన సంఘం అంతకన్నా లేదు. గెలిస్తే మన కుర్రాళ్ల ప్రతాపం, ఓడితే పిచ్ పాపం. కాబట్టి ఈ వ్యాసంలో నేను పిచ్ తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను. ఫీజు అడగలేదు, అడిగినా ఇచ్చే స్థితిలో నా క్లయింటు లేదు.

కేసు పూర్వాపరాలు 2024 అక్టోబరులో మొదలవుతాయి. న్యూజిలాండ్ వాళ్లు మూడు టెస్టులు ఆడటానికి వచ్చారు. అప్పటికి మనం సొంతగడ్డ మీద వరసగా 18 సిరీస్‌లు గెలిచి ఉన్నాం, 2012 తర్వాత ఇక్కడ మనల్ని ఎవరూ సిరీస్‌లో ఓడించలేదు.

మొదటి టెస్టు బెంగళూరులో. తొలి రోజంతా వానకే పోయింది, అంటే పిచ్ చాలాసేపు కవర్ల కిందే ఉంది. కవర్లు వాననీటిని ఆపుతాయి కానీ మట్టిలో అప్పటికే ఉన్న తడిని ఆరనివ్వవు. పైన మబ్బు కమ్మి ఉంది. ఇలాంటి పొద్దున బంతి సీమ్ మీద, అంటే దాని కుట్టు మీద పడితే మెత్తటి పైపొరని పట్టుకుని ఇటో అటో జరుగుతుంది, ఎటు జరుగుతుందో ఒక్కోసారి వేసినవాడికే తెలియదు, ఇక ఆడేవాడి సంగతి చెప్పాలా. మనవాళ్లు ఏం చేశారయ్యా అంటే, పేసర్ ఆకాశ్ దీప్‌ని కూర్చోబెట్టి మూడో స్పిన్నర్‌గా కుల్దీప్‌ని తీసుకున్నారు, టాస్ గెలిచి బ్యాటింగ్ ఎంచుకున్నారు. పిచ్ మీద గడ్డి లేదు కాబట్టి తొలి సెషన్ దాటితే బంతి తిరుగుతుందని లెక్క. గడ్డి లేకపోవడం చూశారు, కింద తడి ఉండటం చూడలేదు. న్యూజిలాండ్ మాత్రం హెన్రీ, సౌతీ, పొడగరి ఓరూర్క్ అంటూ ముగ్గురు సీమర్లతో దిగింది. మనం 46 పరుగులకు ఆలౌట్. మన దేశంలో మన జట్టు చేసిన అతి తక్కువ స్కోరు అదే. హెన్రీకి 5 వికెట్లు, ఓరూర్క్‌కి 4. సున్నాకి అయిదుగురు వెళ్లారు, మూడో స్పిన్నర్‌ని ముందు జాగ్రత్తగా తీసుకున్నాం కదా అనే ధైర్యంతో కాబోలు. పిచ్‌ని సరిగ్గా చదవలేకపోయానని రోహిత్ శర్మ ఆ సాయంత్రమే ఒప్పుకున్నాడు. ఈ మొత్తం కేసులో నా క్లయింటు పక్షాన మాట్లాడిన ఏకైక పెద్దమనిషి ఆయనే.

ఆ మ్యాచ్ పోయాక మనం బ్యాటింగ్‌ని సరిచేసుకోవాలని ఎవరైనా అనుకుంటే అది అమాయకత్వం. పిచ్‌ని సరిచేశాం.

పుణెలో నల్లమట్టి, పొడిబారిన పిచ్, దాదాపు గడ్డి లేదు. ఇక్కడ చిన్న మట్టి పాఠం తప్పదు. నల్లమట్టిలో బంకమన్ను పాలు ఎక్కువ. ఆరితే పగుళ్లు తీస్తుంది, బంతి దాని మీద పడి నెమ్మదిగా, కిందగా వస్తుంది. ఎర్రమట్టిలో బౌన్స్ ఎక్కువ, బంతి చురుగ్గా లేస్తుంది, పైపొర చిట్లడం మొదలుపెడితే తిరగడం కూడా వేగంగానే తిరుగుతుంది. రెండూ టర్నింగ్ పిచ్‌లే అంటాం కానీ వాటి మీద వికెట్ తీసే పద్ధతి ఒకటి కాదు. నెమ్మది పిచ్ మీద స్పిన్నర్ బంతిని విసురుగా వేస్తే అది మట్టిని పట్టుకోకుండానే జారిపోతుంది. అదే గాల్లో వేగం తగ్గించి వేస్తే పట్టుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

మనం కుల్దీప్‌ని తీసి వాషింగ్టన్ సుందర్‌ని తెచ్చాం. అది మంచి ఎంపికే, నిజం ఒప్పుకోవాలి. వాళ్ల జట్టులో పైనుండే లాథమ్, కాన్వే, రచిన్ రవీంద్ర ముగ్గురూ ఎడమచేతివాళ్లే, వాళ్లకి ఆఫ్ స్పిన్నర్ బంతి బయటికి పోతుంది, పైగా సుందర్ బ్యాటింగ్ కూడా చేస్తాడు. 59 పరుగులిచ్చి 7 వికెట్లు తీశాడు. మిగతా 3 అశ్విన్‌కి, అంటే పదీ స్పిన్నర్లకే. ప్లాన్ అద్భుతంగా పనిచేసింది. ప్లాన్‌లో చిన్న లోపమేమిటంటే ఆ తర్వాత అదే పిచ్ మీద మనం కూడా బ్యాటింగ్ చేయాలి. గాయపడిన హెన్రీ స్థానంలో వచ్చిన స్పిన్నర్ శాంట్నర్ వేగం తగ్గించి, పేస్ మారుస్తూ, ఒకే చోట వేస్తూ పోయాడు. 53కి 7, మళ్లీ 104కి 6. కోహ్లీ అయితే ఫుల్ టాస్‌కి బౌల్డ్ అయ్యాడు. నేలని తాకకుండా వెళ్లిన బంతికి కూడా పిచ్చే బాధ్యురాలని వాదించిన విశ్లేషకులు నాకు వ్యక్తిగతంగా తెలుసు. 113 పరుగుల తేడాతో ఓటమి, 18 సిరీస్‌ల వరసకు మంగళం.

వాంఖడేలో మూడో టెస్టు. అది ఎర్రమట్టి. న్యూజిలాండ్ స్పిన్నర్ అజాజ్ పటేల్ ఇక్కడే 2021లో ఒకే ఇన్నింగ్స్‌లో పదికి పది వికెట్లూ తీసినవాడని, ముంబైలోనే పుట్టినవాడని మనకు తెలియదా? తెలుసు. అయినా ఆతిథ్యం మన సంస్కృతి. 147 కొడితే గెలుపు అనే స్థితిలో 121కి ఆలౌట్, అజాజ్‌కి మ్యాచ్‌లో 11. పంత్ 64 కొట్టకపోతే బెంగళూరు స్కోరుకు తోడు దొరికేది. మూడుకి మూడూ పోయాయి.

ఈ అజాజ్ సంగతి వింటే సెలెక్షన్ అనే విద్య సగం అర్థమవుతుంది. 2021లో పది వికెట్లు తీసి ఇంటికి వెళ్లాడు కదా, తర్వాత స్వదేశంలో బంగ్లాదేశ్‌తో జరిగిన సిరీస్‌కు అతన్ని జట్టులోకే తీసుకోలేదు. కోపంతో కాదు. అక్కడి పిచ్‌ల మీద పచ్చగడ్డి ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది, బంతి స్వింగ్ అవుతుంది, సీమ్ అవుతుంది, అయిదు రోజులైనా పైపొర పెద్దగా చెదరదు. అక్కడ స్పిన్నర్ పని ఓవర్లు నింపడం. 2024లో మన దగ్గరికి వచ్చేనాటికి అజాజ్‌కు సొంత దేశంలో ఒక్క టెస్టు వికెట్ కూడా లేదు, ముంబైలో మాత్రం రెండు టెస్టులకే 25. మనిషి అదే, వేళ్లు అవే, మారింది మట్టే. వాళ్లు అతన్ని అక్కడ పక్కన పెట్టి ఇక్కడికి పట్టుకొచ్చారు. మనం మాత్రం ఎవరిని ఆడించాలో ముందే తేల్చుకుని, దానికి తగ్గ మట్టి కోసం పిచ్ తయారుచేసే క్యూరేటర్‌కి ఫోన్ చేస్తాం.

అసలు వాదన ఇప్పుడు వినిపిస్తాను. బంతి మరీ ఎక్కువ తిరిగే పిచ్ మంచి స్పిన్నర్‌కి సాయం చేయదు, మామూలు స్పిన్నర్‌కి చేస్తుంది. ఓ మోస్తరు పిచ్ మీద వికెట్ కావాలంటే అశ్విన్ గాల్లో మోసం చేయాలి, కోణం మార్చాలి, మూడు ఓవర్లు ఓపికగా వల పన్నాలి. దుమ్ము రేగే పిచ్ మీద ఇవేవీ అక్కర్లేదు. ఒకే చోట ఆరు బంతులు వేస్తే ఒకటి తిరుగుతుంది, ఒకటి నేరుగా వెళ్తుంది, ఒకటి చీలమండ దగ్గరికి జారుతుంది. వేసినవాడికే తెలియని తేడాని బ్యాటర్ చేతిని చూసి ఎలా పసిగడతాడు? అంటే అయిదువందల వికెట్ల అనుభవాన్నీ, నిన్న వచ్చిన కుర్రాడి అదృష్టాన్నీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి వడ్డిస్తున్నాం. 2017లో పుణెలోనే ఆస్ట్రేలియా స్పిన్నర్ స్టీవ్ ఓకీఫ్ 12 వికెట్లు తీసి మనల్ని 105కి, 107కి చుట్టేశాడు. ఆ పిచ్‌కి ఐసీసీ ‘పూర్’ అని ముద్ర వేసింది. ఆ పాఠాన్ని మనం ఎంత శ్రద్ధగా చదివామంటే, ఏడేళ్ల తర్వాత అదే ఊళ్లో మళ్లీ పరీక్ష రాసి మళ్లీ తప్పాం.

దీనికి ఎదురు సాక్ష్యం మన విశాఖలోనే ఉంది. 2024 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌తో టెస్టు. అంతకు ముందు ఉప్పల్‌లో అరంగేట్రం కుర్రాడు టామ్ హార్ట్‌లీ రెండో ఇన్నింగ్స్‌లో 7 వికెట్లు తీసి మనల్ని 28 పరుగులతో ఓడించి ఉన్నాడు. విశాఖ పిచ్ బ్యాటింగ్‌కి బాగుంది, జైస్వాల్ 209 కొట్టాడు, అయినా బంతి పాతబడ్డాక బుమ్రా రివర్స్ స్వింగ్‌తో 45 పరుగులకే 6 వికెట్లు తీశాడు. ఓలీ పోప్ స్టంప్స్ లేచిపోయిన యార్కర్ అక్కడిదే. 106 పరుగులతో గెలిచాం. వాళ్ల దగ్గర బుమ్రా లేడు, మన దగ్గర ఉన్నాడు, పిచ్ మామూలుగా ఉంది కాబట్టి ఆ తేడా కనబడింది. ఇంత సులువైన పరిష్కారాన్ని నిపుణులు ఒప్పుకోరు, నిపుణులు అన్నాక కొంత కష్టపడాలి.

అందుకే 2025 నవంబరులో దక్షిణాఫ్రికా వచ్చినప్పుడు కోల్‌కతాలో మళ్లీ కష్టపడ్డారు. జడేజా, అక్షర్, కుల్దీప్, సుందర్ అంటూ ఏకంగా నలుగురు స్పిన్నర్లు, అందులో సుందర్‌ని తెచ్చి మూడో స్థానంలో బ్యాటింగ్‌కి పంపారు. ఈ సన్నాహమంతా అయ్యాక మొదటి రోజు 5 వికెట్లు తీసింది ఎవరు? బుమ్రా. పిచ్ మీద బౌన్స్ ఒకసారి ఛాతీకి, ఒకసారి పాదానికి. చివర్లో 124 కొట్టాల్సి వస్తే 93 కొట్టాం, ఆఫ్ స్పిన్నర్ సైమన్ హార్మర్ మ్యాచ్‌లో 8 వికెట్లతో వెళ్లాడు. కెప్టెన్ గిల్ మెడ పట్టేసి రెండో ఇన్నింగ్స్ బ్యాటింగ్‌కే రాలేదు, అది లెక్కలోకి తీసుకోవాల్సిందే. కానీ మ్యాచ్ అయ్యాక కోచ్ గంభీర్ చెప్పింది మాత్రం రికార్డులో ఉండాలి: మేం అడిగిన పిచ్ ఇదే అని. నా క్లయింటు నిర్దోషి అని ఇంతకన్నా ఏం రుజువు కావాలి?

వెంటనే గువాహటిలో రెండో టెస్టు, ఎర్రమట్టి పిచ్. ఈసారి దుమ్ము లేదు, పగుళ్లు లేవు. దక్షిణాఫ్రికా అదనపు స్పిన్నర్‌గా తెచ్చుకున్న ముత్తుసామి ఏడో స్థానంలో వచ్చి 109 కొట్టాడు, తొమ్మిదో స్థానంలో మార్కో జాన్సెన్ 93 కొట్టాడు, మొత్తం 489. ఇది పిచ్ కాదు, రోడ్డు అన్నారు మనవాళ్లు. మర్నాడు ఆ రోడ్డు మీద ఆరడుగుల ఎనిమిదంగుళాల జాన్సెన్ షార్ట్ బంతులు వేసి 48 పరుగులకు 6 వికెట్లు తీశాడు, రెండో ఇన్నింగ్స్‌లో హార్మర్ ఇంకో 6 తీశాడు, మనం 408 పరుగులతో ఓడిపోయాం. పరుగుల లెక్కలో మన టెస్టు చరిత్రలోనే ఇంత పెద్ద ఓటమి లేదు. తిరగని పిచ్ మీద కూడా ఓడాక తప్పు ఎవరి మీద వేయాలో ఆ రోజు కాసేపు ఎవరికీ తోచలేదు. సాయంత్రానికి మాత్రం ఎవరో కనిపెట్టారు, బౌన్స్ మరీ ఎక్కువైందట.