వెనకున్నవి చెరిపేసిన పాస్‌పోర్ట్ ఫొటో ఎందుకు తిరిగొస్తుంది

"పాస్‌పోర్ట్, వీసా ఫొటో కోసం తెల్లగోడ వెతుక్కోనక్కర్లేదు. ఎక్కడైనా దిగి, వెనకున్నవి యాప్‌లో చెరిపేసి తెల్లగా చేసేయండి. రూల్స్ ముఖం మార్చొద్దన్నాయి గానీ గోడ సంగతి ఎవరికీ పట్టదు, ఎవరూ కనిపెట్టలేరు. పనిలో పనిగా మొటిమలు, మచ్చలు కూడా తీసేసుకోండి."

పై సలహా నమ్మకండి. ముందు రూల్స్ సంగతి. కంప్యూటర్ సాఫ్ట్‌వేర్, ఫోన్ యాప్‌లు, ఫిల్టర్లు, ఏఐ, వీటిలో దేనితోనూ ఫొటోను మార్చవద్దని అమెరికా పాస్‌పోర్ట్ నిబంధన చెబుతోంది. అక్కడ ఉన్న మాట ముఖం కాదు, ఫొటో. బ్రిటన్ కూడా సాఫ్ట్‌వేర్‌తో మార్చని ఫొటోనే అడుగుతుంది. అమెరికా వీసా నిబంధనలో మాత్రం "మీ రూపం మారేలా" సవరించవద్దని ఉంది. గోడకు మినహాయింపు ఉందనే అపోహ బహుశా ఇలాంటి వాక్యం నుంచే పుట్టి ఉంటుంది. కానీ వెనకున్నది చెరిపితే రూపం మారకుండా ఉంటుందా అన్నదే అసలు ప్రశ్న.

నాకు తెలిసినాయన ఒకరు గుమ్మం పక్కన నిలబడి ఫొటో దిగారు. తలుపు చట్రం సరిగ్గా ఎడమ చెవి వెనక నుంచి వెళ్తోంది, కుడి భుజం పైన స్విచ్‌బోర్డు ఉంది. స్విచ్‌బోర్డు శుభ్రంగా పోయింది, ఎందుకంటే అది మనిషికి తగల్లేదు. చట్రం దగ్గర వచ్చింది చిక్కు. దాని గోధుమరంగు, చెవి అంచు మీది నీడ దాదాపు ఒకే రంగులో ఉండటంతో యాప్ చట్రంతో పాటు చెవి పైమడతను కూడా కోసేసింది. రెండో చెవి గుండ్రంగా ఉంటే ఇది కత్తిరించిన అట్టముక్కలా తయారైంది. ఆ ఫొటో తిరిగొచ్చింది.

యాప్ మార్చినా ఈ చిక్కు పోదు. అమెరికా వీసాకు డిజిటల్ ఫొటో కనీసం 600 పిక్సెళ్ల చదరంగా ఉండాలి, అందులో తల ఎత్తు 50 నుంచి 69 శాతం. అంటే తల నిలువునా 300 నుంచి 414 పిక్సెళ్లే. ఒక వెంట్రుక మందం అందులో ఒక్క పిక్సెల్‌కన్నా చాలా తక్కువ. కాబట్టి జుట్టు అంచున ప్రతి పిక్సెల్‌లోనూ జుట్టు రంగు, వెనక గోడ రంగు కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయాలంటే యాప్ ఊహించాల్సిందే. ఊహ తప్పితే ఎగిరే వెంట్రుకలు మాయమై తల హెల్మెట్‌లా నున్నగా కనిపిస్తుంది, లేదంటే తల చుట్టూ పాత గోడ రంగు సన్నని అంచులా మిగులుతుంది. నెరిసిన జుట్టు, తెల్లచొక్కా అయితే తెల్లటి వెనకభాగంలోకి కరిగిపోతాయి.

కనిపెట్టలేరన్న మాట ఇక్కడే వీగిపోతుంది. మీ ఫొటోను మీరే నాలుగింతలు పెద్దది చేసి చెవులు, మెడ, భుజాల అంచు చూడండి. నిజమైన గోడ ఎంత తెల్లనిదైనా ఒక మూలకూ మరో మూలకూ వెలుగులో కాస్త తేడా ఉంటుంది. చెరిపిన చోట ఒకే ముద్ద తెలుపు. పైగా పసుపు గోడ నుంచి దవడ మీద పడిన పసుపు ఛాయ, గోడ తెల్లబడ్డాక కూడా అలాగే ఉండిపోతుంది.

మచ్చల సలహా అన్నిటికన్నా ప్రమాదకరం. పుట్టుమచ్చ, గాటు మనిషిని పోల్చుకునే గుర్తులు. కౌంటర్ దగ్గర ఫొటోను, ఎదురుగా ఉన్న మనిషిని కలిపి చూసేవాళ్లకు అవీ పనికొస్తాయి. ఇద్దరి ముఖాలు కలిపి ఒకే ఫొటో చేసే మోసాలకు భయపడే జర్మనీ 2025 మే 1 నుంచి పాస్‌పోర్టులకు కాగితం ఫొటోలు ఆపేసి, సురక్షితమైన దారిలో వచ్చే డిజిటల్ ఫొటోలే తీసుకుంటోంది. మీరు యాప్ తెరవకపోయినా కొన్ని ఫోన్లు బ్యూటీ మోడ్‌తో చర్మాన్ని నునుపు చేసేస్తాయి. దాన్నీ, వెనక మసకబార్చే పోర్ట్రెయిట్ మోడ్‌నీ ముందే ఆపండి. క్రాప్ చేయడం, అడిగిన సైజుకు తగ్గించడం వేరు, వాటితో ఉన్నది మారదు.

చెరపడానికి పట్టే సమయంలో మళ్లీ దిగొచ్చు. ఆయన చివరికి చేసిందీ అదే. ఇస్త్రీ చేసిన తెల్లదుప్పటి ముడతల్లేకుండా బిగించి కట్టారు, దానికి రెండు మూడడుగులు ముందు నిలబడ్డారు. దూరం వల్ల నీడ దుప్పటి మీద పడలేదు. కిటికీ వెలుగు ముఖానికి ఎదురుగా, రెండు చెంపల మీదా సమానంగా పడింది. సెల్ఫీ కాకుండా మరొకరు ఐదడుగుల దూరం నుంచి, ఆయన కళ్ల ఎత్తులో వెనక కెమెరాతో తీశారు. చట్రం అసలు ఫ్రేమ్‌లోకే రాలేదు, చెవులు రెండూ పూర్తిగా ఉన్నాయి. ఆ ఫొటో ఒక్కసారికే వెళ్లిపోయింది.