బాస్ ఎవరో తేలక ఆగిపోయిన తౌడు లారీ

మొన్న నల్లగొండ నుంచి ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. "అన్నా, మా కంపెనీ పెద్దగైంది. వచ్చే నెల నుంచి మాట్రిక్స్ స్ట్రక్చర్ పెడ్తున్నం. పెద్ద కంపెనీలన్నీ గట్లనే ఉంటయట" అన్నాడు. మాట్రిక్స్ అంటే ఒకే ఉద్యోగి ఇద్దరు బాసుల కింద పనిచేసే పద్ధతి. తొందరపడొద్దని చెప్పాను. ఎందుకో ఫోన్లో పూర్తిగా చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మిర్యాలగూడ దగ్గర ఒక బియ్యం కంపెనీలో పదకొండేళ్లు అకౌంట్స్ చూశాను. నేను చేరినప్పుడు అక్కడ ఒక్క మిల్లు, ఒక్క సరుకు. ధాన్యం కొనేవాళ్లు ఒకరి కింద, మిల్లు నడిపేవాళ్లు ఒకరి కింద, అమ్మేవాళ్లు ఒకరి కింద, లారీలు ఒకరి కింద, లెక్కలు మా కింద. ఇలా చేసే పనిని బట్టి విభాగాలు పెడితే దాన్ని ఫంక్షనల్ స్ట్రక్చర్ అంటారు. ఒకే సరుకు ఉన్నంతకాలం దీన్ని మించింది లేదని ఇప్పటికీ నా అభిప్రాయం. ధాన్యం కొనే మనిషి ఏళ్ల తరబడి అదే పని చేస్తాడు కాబట్టి గింజ కొరికి తేమ ఎంతుందో దాదాపుగా చెప్పేస్తాడు. ఆ నైపుణ్యం ఒకచోట పోగవుతుంది. ఖర్చూ తక్కువే.

తర్వాత కంపెనీ ప్యాకెట్ బియ్యంలోకి దిగింది. సన్నాలు పచ్చి బియ్యంగా ఆడించి, రంగు మారిన గింజలు ఏరేసే సోర్టెక్స్ మిషన్ పట్టించి, సొంత బ్రాండ్ సంచుల్లో అమ్మడం మొదలుపెట్టింది. రెండేళ్లకు తౌడు నూనె ప్లాంట్ కూడా వచ్చింది. వ్యాపారాలు మూడయ్యాయి గానీ విభాగాలు మాత్రం పాతవే. ధాన్యం, లారీలు, అమ్మకాలు మూడింటికీ కలిపే ఉన్నాయి.

దెబ్బ తగిలింది తౌడు దగ్గర. పచ్చి బియ్యం ఆడించిన క్షణం నుంచే తౌడులో లైపేజ్ అనే ఎంజైమ్ నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. దానివల్ల ఫ్రీ ఫ్యాటీ యాసిడ్, మేము ఎఫ్ఎఫ్ఏ అంటాం, రోజుకు ఐదారు శాతం దాకా పెరుగుతుంది. బాయిల్డ్ బియ్యం తౌడైతే ఉడికేటప్పుడే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది కాబట్టి కొంత ఆగుతుంది. పచ్చి తౌడు ఆగదు, వేడివేడిగా ప్లాంట్‌కు చేరాలి.

యాసంగి సీజన్లో ఒక రోజు పద్నాలుగు టన్నుల పచ్చి తౌడు ముప్పై ఆరు గంటలు మిల్లు దగ్గరే పడి ఉంది. లారీల మేనేజర్ తప్పు చేశాడా అంటే, లేదు. ఆయన పనిని కొలిచేది బియ్యం లోడ్ల లెక్కతో. హైదరాబాద్ లోడ్లు ముందు పంపాడు. మిల్లు మేనేజర్‌కు తౌడు బస్తాల్లోకి ఎక్కితే చాలు, ఆయన పని అయిపోయినట్టే. ప్లాంట్ ఇన్‌చార్జ్ లారీ కోసం ఫోన్లు చేశాడు గానీ లారీల మీద ఆయనకు అధికారం లేదు. ఎఫ్ఎఫ్ఏ నాలుగు నుంచి పన్నెండుకు వెళ్లింది. పద్నాలుగు టన్నుల తౌడులో నూనె సుమారు రెండు టన్నుల పైన ఉంటుంది. అందులో ఎనిమిది శాతం అదనంగా చెడిందంటే, శుద్ధిలో నూట డెబ్బై ఎనభై కిలోల నూనె కళ్ల ముందే పోయినట్టు. ఆ యాసిడ్‌ను తీసేటప్పుడు దానితో పాటు మంచి నూనె కూడా కొంత పోతుంది కాబట్టి అసలు నష్టం అంతకన్నా ఎక్కువే. ముగ్గురూ ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు. అయినా సరుకు పాడైంది.

నేను ఒక వారం పాటు సేటు టేబుల్ మీదికి వచ్చిన ప్రతి నిర్ణయాన్నీ నోటుబుక్కులో రాశాను. అరవై ఒకటి వచ్చాయి. వాటిలో నలభై నాలుగు రెండు విభాగాల మధ్య పంచాయితీలే: లారీ ఎవరికి, బాయిలర్ ఎవరికి, ఏ వెరైటీ ముందు ఆడించాలి. ఫంక్షనల్ పద్ధతి మీ కంపెనీకి చాలడం లేదని తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి గుర్తు నాకు కనిపించలేదు. టర్నోవర్ ఎంత, మనుషులెందరు అని చూడకండి. పైకి ఎక్కుతున్న పంచాయితీలు లెక్కపెట్టండి.

అప్పుడే సిటీ నుంచి వచ్చిన ఒక కన్సల్టెంట్ మాట్రిక్స్ పెట్టించాడు. పాత విభాగాలు అలాగే ఉంటాయి, వాటిమీద అడ్డంగా మూడు సరుకులకు ముగ్గురు హెడ్‌లు వస్తారు. లారీ సూపర్‌వైజర్‌కు ఇద్దరు బాసులయ్యారు: ఒకరు ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్, ఒకరు సరుకు హెడ్. ఇద్దరిలో ఎవరి మాట ఎప్పుడు నెగ్గాలో ఎవరూ రాసిపెట్టలేదు. పాపం, ఆ అబ్బాయి రోజూ టెన్షన్‌తో నేరుగా సేటు దగ్గరికే వెళ్లేవాడు. నోటుబుక్కు మళ్లీ తీశాను. పంచాయితీలు తగ్గలేదు, పెరిగాయి. మీటింగ్‌లు అదనం. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఎవరికి అధికారం ఇవ్వాలో తేల్చడం ఇబ్బందిగా ఉంటే, ఇద్దరికీ సగం సగం ఇచ్చి దానికి మాట్రిక్స్ అని పేరు పెడుతున్నారు. దాని భారమంతా కింద ఉన్న చిన్న ఉద్యోగి మోస్తున్నాడు.

ఎనిమిది నెలల తర్వాత సేటు దాన్ని తీసేసి డివిజన్లు చేశారు. మిల్లు, ప్యాకెట్ బియ్యం, నూనె: మూడింటికీ వేరు వేరు హెడ్‌లు, వేరు లాభనష్టాల ఖాతా, సొంత లారీలు. ఇది కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో డ్యూపాంట్ పేలుడు పదార్థాల నుంచి రంగుల వ్యాపారంలోకి వెళ్లి, అమ్మకాలు పెరుగుతున్నా నష్టపోయి, 1921లో ఇలాగే సరుకుల వారీగా డివిజన్లు చేసుకుంది.

అయితే డివిజన్లు పెట్టగానే కొత్త తలనొప్పి వచ్చింది: పచ్చి బియ్యం ఆడించే ప్యాకెట్ డివిజన్ తౌడును నూనె డివిజన్‌కు ఏ రేటుకు ఇవ్వాలి? ఊరికే ఇస్తే నూనె వాళ్లకు లాభం, వీళ్లకు నష్టం కనిపిస్తుంది. రేటు ఎక్కువ పెడితే తలకిందులవుతుంది. చివరికి నిన్నటి బయటి మార్కెట్ రేటు పెట్టి, ప్లాంట్ గేటు దగ్గర ఎఫ్ఎఫ్ఏ ఐదు దాటితే ప్రతి శాతానికి కిలోకు ముప్పై పైసలు కోత అని రాసుకున్నాం. అంతే, ఆ వారం నుంచి తౌడు లారీలు అర్ధరాత్రి కూడా బయల్దేరాయి. ఎందుకంటే ఆలస్యం ఖర్చు ఇప్పుడు ఆలస్యం చేసినవాళ్ల ఖాతాలోనే పడుతోంది. ఈ రేటు ముందే తేల్చుకోకుండా డివిజన్లు పెడితే ముగ్గురు హెడ్‌లూ లెక్కల మీదే కొట్లాడుకుంటారు.

ఖర్చు పెరిగిన మాట నిజం. మూడు చోట్లా వేరు వేరు గుమాస్తాలు, వేరు ఫిట్టర్లు. ఒకచోట సంచులు మిగిలి ఇంకోచోట కొరతపడిన రోజులున్నాయి. అందుకే బ్యాంకు నుంచి రోజువారీ వ్యాపారానికి అప్పు వాడుకునే సీసీ లిమిట్, జీఎస్టీ లెక్కలు విడదీయలేదు. ఒకే సరుకు ఉన్న కంపెనీ ఈ ఖర్చు ఎందుకు పెట్టుకోవాలో నాకైతే తెలియదు.

ల్యాబ్ దగ్గర మాత్రం ఇద్దరు బాసులను ఉంచాం. కెమిస్టులు ఇద్దరే, ముగ్గురికీ వాళ్లు కావాలి, మూడు ల్యాబ్‌లు పెట్టే స్తోమత లేదు. మాట్రిక్స్‌కు తగిన చోటు ఇదే: మనిషి అరుదు, అవసరం రెండు వైపులా నిజం. కానీ ఈసారి ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాం. ఏ శాంపిల్ ముందు చూడాలో డివిజన్ హెడ్‌లు ఉదయం తొమ్మిదింటికి కలిసి చెప్పాలి. వాళ్లకు కుదరకపోతే పచ్చి తౌడు శాంపిల్ ముందు. రిజల్ట్ ఎంత వచ్చిందన్న దానిమీద ల్యాబ్ హెడ్ మాటే ఆఖరు, డివిజన్ హెడ్‌కు దాన్ని మార్చమని అడిగే హక్కు లేదు. ఆ కాగితం అంటించాక కెమిస్టులెవరూ సేటు గదికి వెళ్లగా నేను చూడలేదు.