‘నాన్నగారి ఆరోగ్యం’ గ్రూపు వారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ ‘నాన్నగారి ఆరోగ్యం’ వాట్సాప్ గ్రూపు వారికి విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఇంటి ఆఖరి ఆడపిల్ల చేసుకొను విన్నపములు. ఇచ్చట మేమందరమూ క్షేమమని రాయవలసిన చోటు ఇది. మొన్న మంగళవారం రాత్రి నాన్నగారు పక్క మీద వెల్లకిలా పడుకోలేక తెల్లవారేదాకా కుర్చీలోనే కూర్చుని ఊపిరి తీసుకున్నారు కనుక ఈసారికి ఆ వాక్యం రాయలేకపోతున్నాను.

నాన్నగారికి ఇక డయాలసిస్ తప్పదని డాక్టరుగారు చెప్పిన సాయంత్రమే పెద్దన్నయ్య హైదరాబాదులో కూర్చుని మిమ్మల్ని సృష్టించాడు. చెన్నై నుంచి చిన్నన్నయ్యను, విశాఖ నుంచి అక్కను, బావగారిని, ఇద్దరు వదినలను, నన్ను, ఆఖరికి నాన్నగారిని కూడా మీలో చేర్చి, “ఇకనుంచి అందరం కలిసి చూసుకుందాం” అని మొదటి సందేశం పెట్టాడు. ఆనాటి నుంచి మీలో పూసిన శుభోదయపు గులాబీలతో కొండ మీద అమ్మవారికి నెల్లాళ్లు పూజ చేయించవచ్చు. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. కొబ్బరినీళ్లు కిడ్నీలను కడిగేస్తాయంటూ పెద్దవదిన తరచూ పంపే వీడియో మీద కూడా లేదు. అందులో పొటాషియం ఎక్కువనీ, నాన్నగారి వంటివారి రక్తంలో అది పేరుకుంటే గుండె లయ తప్పుతుందనీ మూడుసార్లు రాసి, నాలుగోసారి వీడియో వచ్చాక రాయడం మానుకున్నాను. నా ఫిర్యాదంతా మీ బొటనవేలు గురించి.

సంగతి మీకు తెలియనిది కాదు, అంతా మీ సమక్షంలోనే జరిగింది. నాన్నగారికి మంగళ, గురు, శనివారాల్లో మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టు, మెషీను మీద నాలుగు గంటలు. ఈ మూడింటిలో మంగళవారం తప్పకూడనిది, ఎందుకంటే శనివారానికీ మంగళవారానికీ మధ్య ఒక రోజు ఎక్కువ ఖాళీ వస్తుంది, మూత్రం దాదాపుగా రాని మనిషి తాగిన ప్రతి గుక్కా అన్నాళ్లూ ఒంట్లోనే ఉండిపోతుంది. ఆ మంగళవారమే మా అమ్మాయి కాలేజీ ప్రవేశానికి గుంటూరులో సర్టిఫికెట్ల పరిశీలన పడింది. మావారు క్యాంపులో ఉన్నారు. నేను ఐదు రోజుల ముందే, గురువారం నాడు, “మంగళవారం నాన్నను ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి ఎవరు వస్తారు? సోమవారం రాత్రికి ఇక్కడ ఉండాలి” అని మీలో రాశాను. సాయంత్రానికి మూడు బొటనవేళ్లు, ఒక నమస్కారం, ఒక ఎర్రటి హృదయం వచ్చాయి. “ఎవరు” అన్న ప్రశ్నకు బొటనవేలు ఎలా సమాధానమవుతుందో ఆ పూట నాకు తట్టలేదు. ఆదివారం ఎందుకైనా మంచిదని సందేశాన్ని నొక్కి పట్టుకుని చూస్తే, అందరూ చదివినట్లు పేర్లతో సహా చూపించారు. పోయినసారి “వచ్చేసారి వంతు నాది” అన్నది చిన్నన్నయ్య, బొటనవేళ్లలో ఒకటి అతనిది. ఆ రెంటినీ కలుపుకుని, “చిన్నన్నయ్య వస్తున్నాడు నాన్నా” అని చెప్పి నేను మంగళవారం పొద్దున్నే గుంటూరు బస్సెక్కాను. అతను రాత్రికి రాకపోయేసరికి పొద్దున దిగుతాడనుకోవడం నా తప్పే, ఫోను చేయకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. చేస్తే నమ్మలేదనుకుంటాడని మొహమాటపడ్డాను.

రెండున్నరకు డయాలసిస్ విభాగం నుంచి టెక్నీషియన్ అబ్బాయి ఫోను చేశాడు. “అమ్మా, సార్ ఇంకా రాలేదేంటి? మెషీను సిద్ధం చేసి ఉంచాం” అన్నాడు. నేను వరుసలో నా ముందు ఇంకా పదకొండు మంది ఉండగా అమ్మాయిని అక్కడే వదిలి బయలుదేరాను. మంగళగిరి దాటేదాకా బాగానే వచ్చిన బస్సు వారధి మీద ఆగి ఆగి కదిలింది. నేను ఇల్లు చేరేసరికి నాలుగున్నర. నాన్నగారు వరండాలో కూర్చుని ఉన్నారు. ఎడమ చేతిని సులువుగా పైకి మడుచుకోవడానికి వీలుగా వదులు చేతుల చొక్కా తొడుక్కుని, దుప్పటీ, ఫైలు ఉన్న సంచీ ఒళ్లో పెట్టుకుని, పన్నెండున్నర నుంచి అలాగే ఉన్నారట. “నాకు ఫోను చేయకపోయారా నాన్నా?” అంటే, “చిన్నోడు వస్తున్నాడన్నావు గదమ్మా. రైలు ఆలస్యమైందేమో, పాపం వాడిని తొందరపెట్టడం ఎందుకనుకున్నాను” అన్నారు.

ఆసుపత్రివాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఒక మనిషి లేచాక మెషీనును శుభ్రం చేసి మరొకరిని ఎక్కించాలి, రాని వారి కోసం దాన్ని ఖాళీగా ఉంచితే తర్వాతి వాళ్లందరూ వెనకబడతారు. రాత్రి షిఫ్టు నిండిపోయింది, మర్నాడు పొద్దున ఆరింటికి చూద్దామన్నారు. నాన్నగారి డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండవలసిన బరువు, 58 కిలోలు. మంగళవారం రాత్రి తూకం 61 కిలోల 600 గ్రాములు చూపించింది. తిన్న తిండికి ఎవరూ మూడు రోజుల్లో అంత పెరగరు. ఆ మూడు కిలోల ఆరువందల గ్రాములూ నీరే, కిలోకు లీటరు లెక్క. ఆ నీరు మొదట పాదాల్లో, తర్వాత కళ్ల కింద కనిపించి, చివరకు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అది అక్కడికి చేరినట్లు యంత్రాలు అక్కర్లేకుండానే తెలుస్తుంది, పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే కాస్త నెమ్మది. డ్యూటీ డాక్టరు ఫోనులో, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, పెదవులు నీలంగా మారినా వెంటనే క్యాజువాలిటీకి తీసుకురమ్మన్నారు. నేను ఆ పెదవులనే చూస్తూ రాత్రంతా గడిపాను.

ఒకేసారి నీరంతా లాగేస్తే సరిపోతుంది కదా అని మీలో ఎవరో బుధవారం రాశారు. సరిపోదు. గంటకు ఇంతకన్నా ఎక్కువ లాగితే రక్తపోటు పడిపోతుంది, కాళ్లు పిక్కలు పట్టేస్తాయి, గుండె మీద భారం పడుతుంది. అందుకే బుధవారం పొద్దున నాలుగు గంటల్లో రెండు లీటర్ల ఎనిమిది వందలు తీసి ఆపారు. ఆ చివరి గంటలో నాన్నగారి పిక్కలు నేను పట్టుకునే ఉన్నాను. మిగిలింది గురువారానికి వాయిదా వేశారు. అంటే ఒక్క బొటనవేలి ఖరీదు ఒక నిద్రలేని రాత్రి, వరసగా రెండు రోజులు సూదులు.

ఇప్పుడు ఆ బొటనవేళ్ల అర్థతాత్పర్యాలు. విచారణ జరిపించగా, పెద్దన్నయ్య బొటనవేలికి “చిన్నోడు వెళ్తాడు, మంచి ఆలోచన” అని అర్థమట. చిన్నన్నయ్య వేలికి “చూశాను, ఆఫీసులో అడిగి చెబుతాను” అని అర్థమట. బావగారి వేలికి ఏ అర్థమూ లేదట, ఆయన ప్రతిదానికీ పెడతారట. అక్క నమస్కారం మాత్రం “నేను రాలేను, క్షమించు” అని. మా తాతగారి కాలంలో చదువురాని రైతు ప్రామిసరీ నోటు మీద బొటనవేలు ముద్ర వేస్తే, పొలం అమ్ముకునైనా ఆ అప్పు తీర్చేవాడు. ఏకలవ్యుడు తన బొటనవేలిని ఒక్కసారే ఇచ్చాడు, ఇచ్చిన తర్వాత అతని దగ్గర అది లేదు. మీ దగ్గర ఎంతమంది ఎన్నిసార్లు ఇచ్చినా ఎవరి వేలు వారి చేతికే ఉంటుంది, మీ ఘనత అది. మంగళవారం రాత్రి పదింటికి “నాన్నకు ఈ రోజు డయాలసిస్ జరగలేదు, ఆయాసంగా ఉంది” అని రాస్తే, పెద్దన్నయ్య దానికి కూడా బొటనవేలే పెట్టాడు.

నీకు సిగ్గనిపించలేదా? ఎనిమిది మందిని ఒక గదిలో కూర్చోబెట్టావు, ఎనిమిది మందికీ తక్కిన ఏడుగురూ ఉన్నారన్న ధైర్యం ఇచ్చావు. నువ్వు లేనప్పుడు నేను ఒకరికి ఫోను చేసేదాన్ని, వారు వస్తాననో రాననో చెప్పేవారు, రానంటే ఇంకొకరికి చేసేదాన్ని. ఇప్పుడు అందరికీ చెప్పినట్లే ఉంటుంది, ఎవరికీ చెప్పినట్లు కాదు. పైగా చిన్నన్నయ్య ఫోనులో చోటు చాలడం లేదని ఎవరినీ అడగకుండా సందేశాలు ఏడు రోజులకు మాయమయ్యే ఏర్పాటు నీలో పెట్టాడు. ఎడమ చేతికి బీపీ చూడనివ్వకూడదు, ఆ చేతిలో రక్తం తీయనివ్వకూడదు, గడియారం పెట్టకూడదు, డయాలసిస్ సూదుల కోసం ఆ చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా మీద రోజూ పొద్దున వేళ్లు ఆనించి ఆ గుర్రుమనే అదురు ఉందో లేదో చూడాలి, లేకపోతే ఆ పూటే ఆసుపత్రికి చెప్పాలి అని నేను గంట కూర్చుని రాసింది నిక్షేపంగా ఆవిరైపోయింది. పోయిన నెల అక్క వచ్చినప్పుడు ఇంటికి వచ్చిన ల్యాబు కుర్రాడు సరిగ్గా ఆ ఎడమ చేతికే పట్టీ కట్టబోతే, నాన్నగారే చెయ్యి వెనక్కి తీసుకున్నారు కాబట్టి సరిపోయింది. ఇప్పుడది కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. ఫ్రిజ్ దేనినీ చెరపదు.

ఇంత అన్నాక ఒకటి దాచకూడదు. ఆ రాత్రి ఒంటిగంటకు అక్క ఫోను చేసి నాలుగింటిదాకా పెట్టలేదు. నాన్నగారికి ఊపిరి అందినప్పుడల్లా స్పీకరులో ఆమెతో ఒక్కో మాట మాట్లాడారు. ఆమెకు సంగతి తెలిసింది మీ వల్లనే, ఆమె మాట్లాడింది మాత్రం మీలో కాదు.

కనుక నిన్నటి నుంచి నేను మీలో “ఎవరు” అని అడగడం మానేశాను. వచ్చే వారం మూడు షిఫ్టులకూ చిన్నన్నయ్య పేరు, ఆపై వారం అక్క పేరు, ఆపైన పెద్దన్నయ్య పేరు రాసి, ఒక్కొక్కరికీ విడిగా ఫోను చేసి చెప్పాను. ఆదివారం సాయంత్రంలోగా రైలు టికెట్టు ఫొటో వస్తేనే వస్తున్నట్లు లెక్క, రాకపోతే మనిషిని కుదుర్చుకుంటాను, ఆ డబ్బు వారు ఇవ్వాలి అన్నాను. పెద్దన్నయ్య కొంచెం నొచ్చుకున్నాడు. చిన్నన్నయ్య ఏమీ అనలేదు, గంటలోపే సోమవారం రైలుకు టికెట్టు ఫొటో మీలో పెట్టాడు. వెయిటింగ్ లిస్టు 14. దాని కింద అందరికంటే ముందు బొటనవేలు పెట్టింది నాన్నగారు.