ఆ ఒక్క ‘యు’తో నా అవస్థ

డాలస్‌లో ఉన్న మా బావగారి అబ్బాయికి తెలుగు రాయడం రాదు. ఉప్పల్‌లో మాతో ఉండే అత్తయ్యకి వాడు ఇంగ్లిష్‌లో మెసేజ్ పెడితే, నేను తెలుగులో రాసి ఇవ్వాలి. టాబ్లెట్లు వేసుకున్నావా, రోజూ నడువు, ఎప్పుడొస్తావు? అంతే విషయం. కానీ ఇంగ్లిష్‌లో ‘నువ్వు’కీ ‘మీరు’కీ ఒకటే ‘యు’.

నేను అత్తయ్యని ‘మీరు’ అంటాను. అలవాటుగా ‘వేసుకున్నారా’ అని రాసిచ్చాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. “వాడు నన్నెప్పుడూ నువ్వనే అంటాడు కదమ్మా, కోపమొచ్చిందా?” అంది. ‘ఎప్పుడొస్తారు’ చూసి, “మామయ్యని కూడా రమ్మన్నాడా?” అని ఇంకో ప్రశ్న. నిజమే, గౌరవానికీ బహువచనానికీ మనకి ఒకటే ‘మీరు’.

ఆ మాట తీసేస్తే సరిపోతుందా అంటే, క్రియ చివర ‘వు’, ‘రు’ పట్టిచ్చేస్తాయి. ‘టాబ్లెట్లు వేసుకోవడం అయిందా’ అని ప్రశ్నని దాటించగలను. ‘నడువు’ని ఏం చేయను? ‘నడవాలి’ అంటే డాక్టర్ చీటీలా ఉంటుంది. ‘నువ్వు’ అని రాయడానికి నా చెయ్యి రాదు, అత్తయ్యని నేనే ఏకవచనంలో పిలిచినట్టుంటుంది. అయినా మాట వాడిది. నిన్న కళ్లు మూసుకుని ‘నడువు నానమ్మా’ అని రాశాను. ఆవిడ రెండుసార్లు చదువుకుంది.