రాత్రి పదకొండు గంటల ప్రశ్నార్థకం

మా మేనేజర్ గారు మంచివారు. ముందుగా ఈ మాట అనకపోతే తరువాత చెప్పేదంతా ఫిర్యాదులా వినిపిస్తుంది. ఆయనది నెల్లూరు, నాది ఏలూరు. బెంగళూరులో కలిశాం కాబట్టి అది బంధుత్వం కిందే లెక్క. ఆ అభిమానం కొద్దీ రాత్రి పదకొండింటికి కూడా ఆయన నన్ను మరిచిపోరు. "పడుకున్నావా?" అని సందేశం పెడతారు. లేదంటే పని చెబుతారు. జవాబివ్వకపోతే పది నిమిషాలు ఆగి, ఒక్క ప్రశ్నార్థకం పంపుతారు. వ్యాకరణం ప్రకారం ఆ గుర్తుకు ముందు ఒక వాక్యం ఉండాలి. ఆయన అధికారానికి ఆ అవసరం లేదు.

పని వేళ దాటాక సందేశాల జోలికి పోకుండా ఉండే హక్కు ఫ్రాన్సులో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి చట్టంలో ఉంది. మన లోక్‌సభలోనూ 2018లో సుప్రియా సూలే ఇలాంటి ప్రైవేటు మెంబరు బిల్లు ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు. కనుక మారతహళ్లిలోని మా రెండు గదుల ఇంట్లో నేనే పార్లమెంటునై ఒక ఈమెయిల్ రాయడానికి పూనుకున్నాను.

మొదటి చిత్తు రాత్రి పదకొండున్నరకు రాశాను. అందులో "నా వ్యక్తిగత జీవితం" అనే మాట నాలుగుసార్లు వచ్చింది. ఆ వేళకు పంపితే నేను మెలకువగానే ఉన్నానని నా చేత్తో నేనే రుజువు చేసినట్టవుతుందని ఆగాను. తెల్లవారాక రాసిన రెండో చిత్తులో మూడు క్షమాపణలు, చివర "అయినా అవసరమైతే ఎప్పుడైనా పంపండి" అన్న వాక్యం ఉన్నాయి. తలుపుకు తాళం వేసి, చెవి దానికే వేలాడదీసినట్టుంది. మానవ వనరుల విభాగానికి కూడా ఒక కాపీ పెట్టమని మా గది మిత్రుడు సలహా ఇచ్చాడు. అతను ఇప్పటికి నాలుగు కంపెనీలు మారాడు.

అప్పుడు పద్దు తీశాను. రెండు వారాల్లో రాత్రి ఎనిమిదిన్నర దాటాక వచ్చిన సందేశాలు 31. వాటిలో ఆ రాత్రే చేయాల్సిన పనులు రెండు. మిగిలిన 29 ఆయనకు అప్పుడు గుర్తొచ్చినవి. పొద్దుటికి మరిచిపోతానన్న భయంతో నా ఫోనును ఆయన చిట్టాపుస్తకంగా వాడుకున్నారంతే. అంటే ఆయన కోరింది నా రాత్రిని కాదు, విషయం పోదన్న భరోసాను. మూడో చిత్తు అక్కడినుంచి పుట్టింది. అదే వెళ్లింది, మంగళవారం ఉదయం పదింటికి, ఆయన ఒక్కరికే. తెలుగులో చెబితే ఇదీ:

"సార్, రాత్రి వచ్చే పనులను నిద్రమత్తులో సగం చేసి, పొద్దున మళ్లీ సరిదిద్దుతున్నాను. అందుకని ఒక పద్ధతి రెండు వారాలు ప్రయత్నిద్దామా? మంగళ, గురువారాల్లో క్లయింటు కాల్ కోసం ఎనిమిదిన్నర వరకు ఉంటాను. మిగతా రోజుల్లో ఏడు వరకు. ఆ తరువాత వచ్చినవాటికి మర్నాడు తొమ్మిదిన్నరకల్లా జవాబిస్తాను. సర్వర్ ఆగినా, క్లయింటు పని నిలిచినా ఎంత రాత్రయినా ఫోను చేయండి, ఎత్తుతాను. రిలీజ్ రాత్రులకు, నా ఆన్‌కాల్ వారానికి ఇది వర్తించదు."

క్లయింటుది న్యూజెర్సీ. వేసవిలో మన ఎనిమిదిన్నర వాళ్లకు ఉదయం పదకొండు. ఆ గంటలు నేనే ముందుగా ఇచ్చేశాను కాబట్టి "క్లయింటు సంగతేమిటి?" అన్న ప్రశ్నకు చోటు మిగల్లేదు. ఇక ఫోను సంగతి. సందేశం పంపడానికి బొటనవేలు చాలు. ఫోను చేయాలంటే గొంతు సవరించుకోవాలి, అవతల నిద్రలేచిన గొంతు వినాలి, లేపినందుకు కారణం చెప్పాలి. "ఆ ఎక్సెల్ షీటులో రంగు మార్చగలవా" అనడానికి నెల్లూరు పెద్దమనిషెవరూ అంత సాహసం చేయరు.

"సరే, చూద్దాం" అని జవాబు వచ్చింది. అసలు పరీక్ష ఆ రాత్రి పది నలభైకి. సందేశం వచ్చింది, వెనకే ప్రశ్నార్థకమూ వచ్చింది. ఆయన అలవాటు ఆయనది. ఈమెయిల్ రాసినవాడినే నిగ్రహించుకోమంటుంది శాస్త్రం. అప్పుడు ఒక్క "సరే సార్" అన్నా పొద్దుటి ఈమెయిల్ రద్దయినట్టే. ఫోనును బియ్యం డబ్బా మీద బోర్లించి పడుకున్నాను. మర్నాడు తొమ్మిదీ ఇరవైకి పూర్తి జవాబు పంపాను. ఒప్పందంలో నా సగం అదే. అది ఒక్కరోజు తప్పినా ప్రశ్నార్థకాలు తిరిగొస్తాయి.

రెండు వారాల్లో ఫోను ఒక్కసారి మోగింది. సర్వర్ నిజంగానే ఆగింది. ఆయన ఇప్పుడు రాత్రి గుర్తొచ్చినవన్నీ ఈమెయిల్‌గా రాసి, పొద్దున తొమ్మిదికి వెళ్లేలా సమయం పెడుతున్నారు. తొమ్మిది కొట్టగానే ఏడెనిమిది ఒకేసారి రాలుతున్నాయి. చెట్టు దులిపినట్టే.

నిన్న ఉదయం పదింటికి నాకొక ఈమెయిల్ వచ్చింది. నా కింద పనిచేసే కడప కుర్రాడు రాశాడు. "సార్, రాత్రి వచ్చే పనులను నిద్రమత్తులో సగం చేసి" అని మొదలైంది. రెండు వారాల్లో నేను అతనికి రాత్రిపూట పంపినవి 19 అట, పద్దు కూడా జతచేశాడు.