‘గోడలు ముట్టుకోవద్దు’ అని రాస్తే గోడలు మారకుండా ఉంటాయా?

చాలామంది షేర్ చేస్తున్న పోస్టు ఇది:

“ఖాళీ గది ఫోటోలో ఫర్నిచర్ వేయించడం ఇప్పుడు ఒక్క నిమిషం పని. ఫోటో ఏఐకి ఇచ్చి ‘గోడలు, కిటికీలు, నేల ముట్టుకోవద్దు, సోఫా, కార్పెట్, ల్యాంపు పెట్టు’ అని రాయండి చాలు. గది మారలేదు కాబట్టి ఫోటోలో మోసం ఏమీ లేనట్టే. ఎక్కడైనా తేడా వచ్చినా చూడగానే తెలిసిపోతుంది.”

ఇలాంటి ఫోటోలు సరిచేసే పని నాది. ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

ముందు, ‘రాయండి చాలు’ అన్నది. ఫోటో మొత్తం ఇచ్చి మార్పు అడిగితే ఈ టూల్స్‌లో చాలావరకు పాత ఫోటో మీద సోఫా బొమ్మ అతికించవు. ఫోటోను లోపల బాగా కుదించుకుని, దాన్ని చూస్తూ బొమ్మంతా మళ్లీ గీస్తాయి. అంటే గోడ కూడా కొత్తగా గీసిందే. అసలు గోడలాగే ఉంటుంది గానీ అసలు గోడ కాదు. మనం రాసిన ‘ముట్టుకోవద్దు’ దానికి ఒక సూచన మాత్రమే, తాళం కాదు. కుదించేటప్పుడు ముందు పోయేవి చిన్న వస్తువులు: స్విచ్‌బోర్డు, కిటికీ గ్రిల్ ఊచలు, గోడ అడుగున ఉండే స్కర్టింగ్, టైల్స్ మధ్య సందులు.

ఈమధ్య నా దగ్గరికి వచ్చిన ఒక హాలు ఫోటోలో కిటికీకి ఏడు ఊచలు ఉన్నాయి. ఫర్నిచర్ వేసి వచ్చిన ఫోటోలో ఆరే ఉన్నాయి. కిటికీ కింది స్విచ్‌బోర్డు ఉండాల్సిన చోట నున్నటి గోడ ఉంది. పై మూల చెమ్మ మరక మాయమైంది. ఊచ పోతే పొరపాటు అనుకోవచ్చు. మరక పోవడం అలా కాదు. ఎవరూ అడగకుండానే ఇంటి లోపం దాచిపెట్టినట్టయింది.

“మాస్క్ వేస్తే సరిపోతుందిగా” అని ఆ పోస్టు కింద ఒకాయన అన్నారు. సగం నిజమే. మాస్క్ వేస్తే, అంటే మార్చాల్సిన చోటు ఏదో ముందే గీసి చూపిస్తే, మార్పు ఆ భాగానికే పరిమితం చేయాలని టూల్ చూస్తుంది. కానీ చివర్లో బొమ్మంతా కుదింపు నుంచి మళ్లీ విప్పుతుంది కాబట్టి, అసలు పిక్సెల్స్ తిరిగి అతికించే ఏర్పాటు టూల్‌లో లేకపోతే మాస్క్ బయట కూడా కొద్దిగా తేడా వస్తుంది. నేను నమ్మే దారి ఒకటే. ఫోటోషాప్‌లోనో గింప్‌లోనో అసలు ఫోటో అడుగు లేయర్‌గా ఉంచి, ఏఐ ఇచ్చింది దాని పైన పెట్టి, సోఫా, కార్పెట్, ల్యాంపు, వాటి నీడలు మాత్రమే కనిపించేలా లేయర్ మాస్క్ గీయాలి. అప్పుడు కనిపించే గోడ నిజంగా కెమెరా తీసిన గోడే. ఒక్క జాగ్రత్త: కొన్ని టూల్స్ ఫోటోను చిన్నది చేసి, లేదా అంచులు కాస్త కత్తిరించి ఇస్తాయి. రెండు ఫోటోలూ ఒకే సైజులో, కచ్చితంగా ఒకదాని మీద ఒకటి కూర్చుంటేనే ఈ పని కుదురుతుంది.

అయితే నేలను అక్షరాలా ముట్టుకోకుండా ఉంచితే సోఫా గాల్లో తేలుతుంది. నేల మారకూడదంటే టైల్ రంగు, సైజు, సందులు మారకూడదని అర్థం, నీడ పడాల్సిందే. ఏఐ గీసిన నీడలో టైల్ సందులు చెదిరిపోతే దాన్ని వదిలేసి, వేరే లేయర్ మీద `Multiply` మోడ్‌లో నీడ గీస్తాను. సందులు కింది నుంచి అలాగే కనిపిస్తాయి. కాలు నేలకు ఆనే చోట నీడ ముదురుగా ఉండాలి, దూరం వెళ్లేకొద్దీ పలచబడాలి. ఇక ల్యాంపు. వెలిగిస్తే వెనక గోడ మీద పసుపు వెలుగు పడాలి, పడితే గోడ రంగు మారినట్టు కనిపిస్తుంది. అందుకే ఆర్పేసిన ల్యాంపే పెడతాను. పగటి ఫోటోలో ల్యాంపు ఎందుకు వెలగలేదని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

‘మోసం ఏమీ లేనట్టే’ అన్నదే నాకు అన్నిటికన్నా నచ్చనిది. గోడలో ఒక్క పిక్సెల్ కూడా మార్చకుండా గదిని పెద్దది చేయొచ్చు. సోఫాను చిన్నది చేస్తే చాలు.

అదే హాలు తీసుకుందాం. ఫోటో ఎత్తు 2000 పిక్సెల్స్. కెమెరాను వంచకుండా నిటారుగా పెట్టి తీశారు, అంచులు కత్తిరించలేదు. అలాంటి ఫోటోలో కెమెరా ఎంత ఎత్తులో ఉందో ఆ ఎత్తును చూపే ఊహా అడ్డగీత సరిగ్గా మధ్యలో, అంటే పై నుంచి 1000వ పిక్సెల్ దగ్గర ఉంటుంది. తలుపు 210 సెంటీమీటర్లు, ఫోటోలో అది 525 పిక్సెల్స్. తలుపు అడుగు 1300 దగ్గర ఉంది, అంటే గీతకు 300 పిక్సెల్స్ కింద. 525కి 210 అయితే 300కి 120. కెమెరా నేల నుంచి 120 సెంటీమీటర్ల ఎత్తులో ఉందన్నమాట.

ఇక ఆ నేల మీద ఏ వస్తువునైనా కొలవొచ్చు. అది నేలకు ఆనిన చోటు నుంచి గీత వరకు ఎన్ని పిక్సెల్స్ ఉన్నా, అక్కడ అది 120 సెంటీమీటర్లే. ఏఐ వేసిన సోఫా ముందు కాలు 1600 దగ్గర ఆనింది. అంటే అక్కడ 600 పిక్సెల్స్‌కి 120 సెంటీమీటర్లు. చేయి ఆనించుకునే హ్యాండిల్ ముందు అంచు నేల నుంచి 220 పిక్సెల్స్ ఎత్తు వచ్చింది. లెక్క వేస్తే 44 సెంటీమీటర్లు. మామూలు సోఫాకి అది 60 ప్రాంతంలో ఉంటుంది. 62 అనుకుంటే ఈ సోఫా అసలు సైజులో దాదాపు 70 శాతమే. 210 సెంటీమీటర్ల ముగ్గురి సోఫా 150కి కుదించుకుపోయింది!

ఆ తలుపుకీ కిటికీకీ మధ్య గోడ 190 సెంటీమీటర్లు. ఫోటోలో సోఫా పట్టి, పక్కన ల్యాంపుకి కూడా చోటు మిగిలింది. నిజం సోఫా తెచ్చి వేస్తే తలుపు దారిలోకి వస్తుంది. గోడలు, కిటికీలు, నేల అన్నీ అసలువే, అయినా ఫోటో అబద్ధం చెబుతోంది. కెమెరాను పైకో కిందికో వంచి తీసిన ఫోటోకి ఈ లెక్క నేరుగా పనికిరాదు. తలుపు అంచులు పక్కకు వాలినట్టు కనిపిస్తే అలా తీశారని గుర్తు.

కంటితో పట్టేస్తాం అన్నదానికి ఆ ఆరు ఊచలే సమాధానం. ఇంటి ఓనర్ రెండు ఫోటోలూ పక్కపక్కన చూసి బాగుందన్నారు. పై లేయర్‌ను `Difference` మోడ్‌లో పెడితే మారని చోటంతా నల్లగా, మారిన చోటు వెలుగుగా కనిపిస్తుంది. ఫోటోలను కమాండ్లతో సరిచేసే ఇమేజ్‌మ్యాజిక్ ప్రోగ్రామ్ ఉన్నవాళ్లకు ఒక్క కమాండ్ చాలు:

```
magick compare -metric AE -fuzz 5% khali.png sofa.png teda.png
```

ఇది 5 శాతం కన్నా ఎక్కువ మారిన పిక్సెల్స్‌ని `teda.png`లో ఎర్రగా చూపిస్తుంది. ఆ మాత్రం సడలింపు ఇవ్వకపోతే కుదింపు వల్ల వచ్చే సన్న తేడాలకే ఫోటో అంతా ఎర్రబడుతుంది. అయితే లేత మరకలాంటిది ఆ సడలింపులో దాక్కోవచ్చు కాబట్టి 2 శాతంతో ఇంకోసారి చూస్తాను. ఎరుపు సోఫా, కార్పెట్, ల్యాంపు, నీడల దగ్గరే ఉండాలి. ఈ హాలు ఫోటోలో కిటికీ మొత్తం, దాని కింద ఒక చిన్న చతురస్రం, పై మూల ఒక మచ్చ ఎర్రగా వచ్చాయి. అవన్నీ అసలు ఫోటో నుంచి వెనక్కి తెచ్చి, ముగ్గురి సోఫా తీసేసి ఆ గోడకు పట్టే ఇద్దరి సోఫా సరైన సైజులో పెట్టేసరికి నలభై నిమిషాలు పట్టింది.