భర్తను అడగని ప్రశ్న

అప్పడాల కర్ర ఎత్తిన భార్య, మంచం కింద దూరిన భర్త. మన వారపత్రికల కార్టూన్లలో ఈ జంట దశాబ్దాలుగా కాపురం చేస్తోంది. పాత్రలు తారుమారు చేసి గీస్తే ఎవరూ నవ్వరు. పెళ్లాం చేతిలో దెబ్బలు తినడం జోకైపోయిన చోట, నిజంగా తిన్నవాడు డాక్టర్ దగ్గర బాత్రూంలో జారిపడ్డాననే చెబుతాడు.

ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్‌షైర్‌లో ఒక యువకుడు అచ్చం అలాగే చేశాడు. అతనితో కలిసి ఉంటున్న అమ్మాయి కత్తితో పొడిచింది, మరిగే నీళ్లు పోసింది, తిండి పెట్టలేదు, కన్నవాళ్లకు దూరం చేసింది. కేకలు విని పోలీసులు వస్తే, గాయాలు తనే చేసుకున్నానన్నాడు. విడిగా కూర్చోబెట్టి అడిగాకే నోరు విప్పాడు. 2018లో ఆమెకు ఏడున్నరేళ్ల జైలుశిక్ష పడింది. భాగస్వామిని గుప్పిట్లో పెట్టుకుని వేధించడాన్ని నేరంగా చూసే అక్కడి 2015 చట్టానికి ఆడామగా తేడా లేదు. అక్కడి నేర సర్వే కూడా ఇద్దరినీ అడుగుతుంది. గృహహింస బాధితుల్లో దాదాపు మూడో వంతు మగవాళ్లేనని తేలింది.

మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దారి వేరు. భర్త కొట్టనప్పుడు మీరే ఆయన మీద చెయ్యి చేసుకున్నారా అని భార్యను అడుగుతారు. 2019-21లో సుమారు 4 శాతం మంది అవునన్నారు. మగవాళ్ల ప్రశ్నపత్రంలో భార్యను కొట్టడం సబబేనా అన్న ప్రశ్న ఉంది కానీ, మీ భార్య మిమ్మల్ని కొట్టిందా అన్నది లేదు. అంటే మన దగ్గరున్న లెక్క, కొట్టినవాళ్లు ఒప్పుకున్న లెక్క.

అదే సర్వేలో భర్త చేతిలో శారీరక హింసో, లైంగిక హింసో ఎదుర్కొన్నామన్న స్త్రీలు 29 శాతం. ఈ అంకెను పక్కకు నెట్టి మగవాళ్ల బాధ చెప్పబోతే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. కొన్ని పురుష హక్కుల సంఘాలు వరకట్న వేధింపుల చట్టాన్ని తిట్టడానికే ఈ అంశాన్ని వాడుకోవడంతో అసలు బాధితుడి గోడు ఇంకా పలచనైంది.

చట్టంలోనూ అతనికి దారి ఇరుకే. 2005 గృహహింస చట్టం కింద ఫిర్యాదు చేయగలిగేది స్త్రీ మాత్రమే. దెబ్బలు తిన్న భర్త మామూలు కొట్లాట కేసు పెట్టాలి, లేదా క్రూరత్వం కారణంగా విడాకులు కోరాలి. ఇంకోసారి చెయ్యి ఎత్తకుండా ఆ చట్టం కింద రక్షణ ఉత్తర్వు మాత్రం దొరకదు. పైగా కేసు పెడితే ఎదురు కేసు పడుతుందని, పిల్లలు దూరమవుతారని భయం.

చట్టం మార్చాలంటే పెద్ద చర్చే జరగాలి. సర్వేకు అంత అవసరం లేదు. స్త్రీలను ఈ ప్రశ్నలు అడిగేటప్పుడు ఇంట్లో మరెవరూ వినకుండా చూస్తారు, ఏకాంతం కుదరకపోతే ఆ భాగం వదిలేస్తారు. అదే పద్ధతిలో మగవాళ్లనూ అడగొచ్చు.